డేకేర్ బ్యాగులో ఏమేం పెట్టాలి, పేర్లు ఎలా వేయాలి, రోజూ ఆ సంతకం ఎందుకు?

"మా పాపకి 15 నెలలు. వచ్చే సోమవారం నుంచి డేకేర్‌లో వేస్తున్నాం. ప్రతి వస్తువు మీదా పేరుండాలట, రోజూ ఒక షీట్ మీద సంతకం పెట్టాలట. బ్యాగులో ఏమేం పెట్టాలి, ఎన్ని జతలు? ఆ సంతకం నిజంగా అవసరమా?"

మా అమ్మాయిని 14 నెలలప్పుడు హైదరాబాద్‌లో మా ఆఫీసు దగ్గరున్న ఒక డేకేర్‌లో వేశాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా అక్కడే ఉండేది. ఇప్పుడు తనకి మూడేళ్లు నిండాయి. ఆ రెండేళ్లలో తెలిసింది చెప్తాను.

ముందు పేర్ల సంగతి. మేం ఇంగ్లిష్ అక్షరాల స్టిక్కర్లు ఆర్డర్ పెట్టి అన్నిటికీ అంటించాం. రెండు వారాలు తిరక్కుండానే ఒక సాయంత్రం మా పాప వేరే పాప ఫ్రాక్‌లో ఇంటికొచ్చింది. బట్టలు మార్చే ఆయమ్మని అడిగితే, "నాకు ఇంగ్లిష్ రాదమ్మా, రంగు చూసే గుర్తుపెట్టుకుంటా. ఇద్దరివీ పసుపువే కదా" అంది. ఆ మాటతో నాకు అర్థమైంది. పేరు మనం చదువుకోవడానికి కాదు, ఏడుస్తున్న పిల్లని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో బ్యాగులో వెతికే మనిషి కోసం. ఆ వారమే అన్నీ మార్చేశాం. తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, పక్కన ఇంటిపేరు మొదటి అక్షరం (ఒకే పేరున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు), దాని పక్కన ఒక చేప బొమ్మ. బట్టలు, సీసాలు, దుప్పటి, బ్యాగు, అన్నిటి మీదా అదే చేప. తర్వాత వచ్చిన ఇంకో ఆయమ్మకి తెలుగు కూడా చదవడం రాదు, అయినా చేప బ్యాగు ఎవరిదో తనకి తెలుసు.

బట్టల మీద నేరుగా మార్కర్‌తో రాస్తే నాలుగు ఉతుకులకి వెలిసిపోతుంది. టైలరింగ్ సామాన్ల షాపులో వేలెడు వెడల్పు తెల్ల కాటన్ నాడా అడగండి. దాని మీద బట్టల మార్కర్‌తో రాసి, ఇస్త్రీ చేసి, ముక్కలు కత్తిరించి కుట్టేయండి. మెడ దగ్గర కుట్టకండి, గుచ్చుకుని గోక్కుంటారు. పక్క కుట్టు లోపలివైపు కుడితే చాలు. చాకలివాళ్లు వెనకటికి నల్లజీడి రసంతో పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులైనా పోదు, మా అమ్మ అదే సలహా ఇచ్చింది. కానీ ఆ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, పసిపిల్లల బట్టలకి అస్సలు వద్దు.

స్టీలు సిప్పర్, టిఫిన్ డబ్బా అయితే పాత్రల షాపుకి తీసుకెళ్లి పేరు కొట్టించండి, గిన్నెల మీద కొడతారే, అలాగే. సిప్పర్ మూత మీద కూడా కొట్టించండి. సాధారణంగా మారిపోయేది సీసా కాదు, మూత. వేరే మూత సరిగ్గా బిగుసుకోక బ్యాగంతా తడిసిన రోజులున్నాయి. ప్లాస్టిక్ పాలసీసాకి స్టిక్కర్ వద్దు. వేడినీళ్లలో అంచు లేస్తుంది, ఆ ముక్క పిల్ల నోట్లోకి పోతుంది. సీసా అడుగున బయటివైపు నెయిల్ పాలిష్‌తో చేప వేసి ఒక రోజంతా ఆరనిచ్చేదాన్ని. పెచ్చులు లేస్తే గీకేసి మళ్లీ వేయాలి.

పాలకి ఇంకో సంగతి ఉంది. మా పాప మధ్యాహ్నం 3కి తాగే పాలు మేం ఉదయం 8కే కాచి, చల్లార్చి పోసేవాళ్లం. అంతసేపు బ్యాగులో ఉంటే విరిగిపోతాయి. అందుకే సీసా బ్యాగులో వదిలేయకుండా, వెళ్లగానే వాళ్ల చేతికిచ్చి ఫ్రిజ్‌లో పెట్టించేవాళ్లం. సీసాకి ఆ రోజు తేదీ రాసిన కాగితం టేపు చుట్టేవాళ్లం. నిన్నటి సీసా ఫ్రిజ్‌లో ఉండిపోతే తేదీ చూసి పారబోస్తారు. ఫార్ములా పాలైతే కలిపి పంపకండి. పొడి విడిగా, కాచిన వేడినీళ్లు ఫ్లాస్కులో పంపి తాగే ముందు కలపమనండి. కలిపాక బయట ఉంచితే 2 గంటల్లోపు తాగించాలి, తాగగా మిగిలినవి దాచకూడదు.

ఇక జతలు. మూడు పంపండి. అయితే మూడు చొక్కాలు ఒకచోట, మూడు ప్యాంట్లు ఒకచోట కాదు. ఒక జిప్ కవర్‌లో ఒక పూర్తి జత: బనియను, చెడ్డీ, పైది, కిందిది. ఆయమ్మ ఒక కవర్ తీస్తే పని అయిపోవాలి. డైపర్లు 5, తుడవడానికి రెండు మెత్తటి గుడ్డలు, విడిచిన బట్టలకి తడి బయటికి రాని గుడ్డ సంచి ఒకటి. టాయిలెట్ అలవాటు చేసే రోజుల్లో కిందివి మాత్రం ఇంకో నాలుగు ఎక్కువ పెట్టండి. నెలకోసారి జతలన్నీ తీసి కొలత చూసుకోండి, ఈ వయసులో బట్టలు ఇట్టే పొట్టివైపోతాయి.

సంతకం గురించి మీరడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న. మొదటి మూడు నెలలు నేనూ చూడకుండా పెట్టేసేదాన్ని. ఒక బుధవారం ఇంటికొచ్చి స్నానం చేయిస్తుంటే తొడల మధ్య ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది, నీళ్లు తగలగానే గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు ఫోన్‌లో ఆ రోజు షీట్ ఫోటో తెరిచి చూశాను. 11కి, 2కి, 4కి డైపర్ మార్చినట్టు మూడు టిక్కులున్నాయి, కింద నా సంతకం ఉంది. బ్యాగు తెరిచి లెక్కపెట్టాను. పొద్దున 5 పంపాను, 4 మిగిలాయి. అంటే 9 గంటల్లో మార్చింది ఒక్కసారి. మూడుసార్లు మార్చారని నేనే సంతకం పెట్టాను.

మర్నాడు వెళ్లి డైపర్ల లెక్క, షీట్ పక్కపక్కన పెట్టి మాట్లాడాను, గొంతు పెంచలేదు. విషయం ఏమిటంటే మధ్యాహ్నం ఆయమ్మలు మారతారు. షీట్ ఆఫీసు గదిలో ఉంటుంది. సాయంత్రం వచ్చినావిడ, పొద్దుటావిడ మార్చే ఉంటుందనుకుని టిక్కులు పెట్టేస్తోంది. ఆ రోజు నుంచి షీట్‌ని డైపర్ మార్చే బల్ల పక్కనే వేలాడదీశారు. టిక్కు బదులు అప్పటికప్పుడు టైము, మార్చినవాళ్ల పేరు రాయడం మొదలుపెట్టారు. మేం మా వైపు నుంచి ఒక్క గడి కలపమని అడిగాం: ఎన్ని వచ్చాయి, ఎన్ని తిరిగి వెళ్లాయి. డైపర్లు, సీసాలు, మూతలు, జతలు. పొద్దున నేను అంకెలు వేసి సంతకం పెడతాను, సాయంత్రం ఆయమ్మ ముందే లెక్కపెట్టి మళ్లీ పెడతాను. రెండు నిమిషాల పని. మళ్లీ ఆ ఒరుపు రాలేదు.

పొద్దున గడిలో ఇంకో మూడు రాయండి: ఎన్నింటికి లేచింది, చివరిసారి ఏం తింది, ఇంట్లో ఏదైనా మందు వేశారా, ఎన్నింటికి, ఎన్ని మి.లీ. జ్వరం మందు బ్యాగులో వదలకండి, చేతికివ్వండి, సీసా మీదున్న మందు పేరు షీట్ మీద రాయండి. పారాసిటమాల్ చుక్కల మందులో మామూలుగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120, 125 లేదా 250 ఉంటుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే మోతాదు కొన్ని రెట్లు పెరిగిపోతుంది. మీరు 8కి వేశారని రాయకపోతే, ఒళ్లు వేడిగా ఉందని వాళ్లు 10కి మళ్లీ వేసేస్తారు.

సాయంత్రం పాపని ఎవరు తీసుకెళ్తారో కూడా ఆ షీట్ మీదే పొద్దున్నే రాసేయండి. మా అత్తయ్య వెళ్లే రోజుల్లో ఆవిడకి కళ్లజోడు లేకుండా అంకెలు కనపడవు. అందుకే ఆయమ్మ సీసాలు, మూతలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి పైకి లెక్కపెట్టాకే ఆవిడ సంతకం పెడుతుంది.