ముందు రెండేళ్లు ఉద్యోగం, తరువాత అమెరికా: అమ్మాయికి పెదనాన్న లేఖ

కావలి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి అమెరికా వెళ్లాలా, చెన్నై కంపెనీలో చేరాలా అని నువ్వు తేల్చుకోలేకపోతున్నావని మీ నాన్న ఫోను చేశాడు. వాడి మాటలు వింటే మాత్రం ఎప్పుడో తేలిపోయినట్టే ఉంది. "మూలాపేట ఇల్లు బ్యాంకులో పెట్టేద్దాం అన్నయ్యా, పిల్ల వెళ్లిపోతుంది" అన్నాడు. బ్యాంకులో పనిచేసినన్నాళ్లు చదువు అప్పుల దరఖాస్తులు చాలానే చూశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీ విషయంలో రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లడమే మేలు. ఇదే మాట అందరికీ చెప్పను. నీకెందుకు చెబుతున్నానో లెక్కతో సహా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు హామీ సంగతి. ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ఆస్తి హామీ అడుగుతాయి. పేరున్న కొన్ని విశ్వవిద్యాలయాలకు మినహాయింపు ఉంటుంది. నీకు సీటు వచ్చినది బ్యాంకు జాబితాలో ఉందో లేదో అడిగి చూడు, ఉంటే ఈ పేరా నీకు అక్కర్లేదు. లేకపోతే చిక్కే. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మనకున్న ఆరెకరాల మాగాణి చూసి మీ నాన్నకు ధైర్యం. కానీ చదువు అప్పుకు వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. బాకీ వసూలు కాకపోతే కోర్టుకు వెళ్లకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి వాళ్లు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే భూమి ఎంత విలువైనదైనా వాళ్లకు ఆసక్తి ఉండదు. ఊళ్లోని ఇల్లు గ్రామకంఠంలో ఉంది. పన్ను రసీదులు తప్ప రిజిస్టరైన దస్తావేజు లేదు. బ్యాంకు లాయరు దగ్గరే అది ఆగిపోతుంది.

ఇక మిగిలింది మూలాపేట ఇల్లు. అది మీ అమ్మ తరఫు తాతగారి పేరు మీద ఉంది. ఆయన పోయాక పంపకాలు జరగలేదు. దాన్ని తనఖా పెట్టాలంటే మీ అమ్మమ్మ, మామయ్యలిద్దరూ, మీ అమ్మ అందరూ సంతకాలు చేయాలి. పెళ్లిలో సాక్షి సంతకం లాంటిది కాదు అది. వాయిదాలు ఆగితే వాళ్ల వాటా కూడా పోతుంది. డెబ్భై దాటిన మీ అమ్మమ్మ ఉంటున్న ఇల్లు అది. మీ మామయ్యలు మొహమాటానికి సరే అంటారని నాకు తెలుసు, అందుకే వాళ్లను అడగవద్దంటున్నాను.

హామీ అడగని ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు ఉన్నాయి. వడ్డీ ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, వాటిలో చాలావాటికి చదువుకుంటున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టాలి. నలభై లక్షల అప్పు ఆరు నెలలకు పది లక్షల చొప్పున విడుదలైందనుకో. పన్నెండు శాతం వడ్డీకి మొదటి ఆరు నెలలు నెలకు పదివేలు, తరువాత ఇరవై, ఆపైన ముప్ఫై, చివరి ఆరు నెలలు నలభై వేలు. ఎవరు కడతారు? కందుకూరు వైపు ఒక పొగాకు రైతు తన కొడుకు కోసం ఇలాగే కట్టడం నాకు తెలుసు. పొగాకు బోర్డు వేలంలో బేళ్లు అమ్ముడైనప్పుడు ఆయన చేతిలో డబ్బు ఉంటుంది. మిగతా నెలల్లో ఉండదు. కంపెనీ వాయిదాకు ఆ సంగతి తెలియదు కదా! మధ్యలో నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఆ వడ్డీ కట్టాడు. ఆ పిల్లవాడికి ఉద్యోగం వచ్చేసరికి అసలు అప్పు పక్కన ఇంకొక అప్పు తయారైంది. వరి పండించే మీ నాన్న పరిస్థితి కూడా అదే, ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే డబ్బు.

సరే, మంచి దారే చూద్దాం. బ్యాంకే పది శాతానికి నలభై లక్షలు ఇచ్చింది, చదివే రెండేళ్లు, ఆ తరువాత ఆరు నెలలు ఏమీ కట్టనక్కర్లేదు అనుకుందాం. కట్టనక్కర్లేదే గాని వడ్డీ ఆగదు. ఒక్కొక్క పది లక్షల మీద నెలకు 8,333 రూపాయలు పడుతుంది. మొదటి విడతకు ముప్ఫై నెలలు, రెండోదానికి ఇరవై నాలుగు, తరువాత పద్దెనిమిది, పన్నెండు. మొత్తం ఏడు లక్షలు. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకు నీ బాకీ నలభై ఏడు లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 62 వేలు. పదిహేనేళ్లు తీసుకున్నా యాభై వేలు దాటుతుంది.

అమెరికాలో ఉద్యోగం ఉంటే ఈ వాయిదా పెద్ద బరువు కాదు, ఒప్పుకుంటాను. కానీ నేను దరఖాస్తు చూసినప్పుడల్లా వేసుకునే ప్రశ్న వేరు. ఈ పిల్ల వెనక్కి రావలసి వస్తే, ఇక్కడి జీతంతో వాయిదా కట్టగలదా? డిగ్రీ తప్ప అనుభవం లేకుండా వెనక్కి వస్తే ఇక్కడ నీకు కొత్తవాళ్ల జీతమే ఇవ్వజూపుతారు. ఇప్పుడు చెన్నై వాళ్లు ఇస్తామన్నది చేతికి నలభై రెండు వేలు. అరవై రెండు వేల వాయిదాకు అది చాలదు. రెండేళ్లు గట్టి పని చేసి, దాని మీద మాస్టర్స్ చేసి వచ్చినవాళ్లను కంపెనీలు వేరుగా చూస్తాయి. నీ ఉద్యోగం నీకిచ్చే అసలు లాభం అదే.

వెనక్కి రావడమెందుకు అంటావేమో. ఎఫ్-1 వీసా మీద చదివినవాళ్లకు ఓపీటీ పేరుతో ఏడాది పనిచేసే అనుమతి ఉంటుంది. నీలాంటి ఇంజనీరింగు కోర్సులకు ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. అయితే ఆ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఇక్కడ బ్యాంకు ఇచ్చిన ఆరు నెలల గడువు, అక్కడ ఈ 90 రోజులు ఇంచుమించు ఒకేసారి కరుగుతుంటాయి. ఆ ఒత్తిడిలో, ఏ పనీ చేయని కంపెనీ పేరుతో ఉద్యోగం ఉన్నట్టు కాగితం ఇస్తామనేవాళ్లు తగులుతారు. దాని జోలికి వెళ్లినవాళ్ల వీసా చిక్కుల్లో పడుతుంది.

తరువాతి మెట్టు హెచ్-1బి, అంటే అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువైతే లాటరీ వేస్తారు. 2026 నుంచి లాటరీ తీరు మారింది. వేతన స్థాయిలు నాలుగు. అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయి వేతనం చూపిన దరఖాస్తు పేరు నాలుగుసార్లు వేస్తారు, మొదటి స్థాయిది ఒక్కసారే. ఆ స్థాయి నీ వయసును బట్టి రాదు, ఆ రకం పనికి ఆ ప్రాంతంలో ఎంత జీతం ఇస్తున్నారు అన్నదాన్ని బట్టి వస్తుంది. కాలేజీ నుంచి నేరుగా వెళ్లి చదివినవాళ్ల తొలి ఉద్యోగం ఎక్కువగా కింది మెట్టులోనే పడుతుంది. చేతిలో రెండేళ్ల పని ఉంటే పై మెట్టు పోస్టులకు అడగడానికైనా అర్హత ఉంటుంది. అలాగని, ఇక్కడ కంపెనీలో చేరితే వాళ్లే పంపిస్తారులే అని కూర్చోకు. 2025 సెప్టెంబరు ఆదేశంతో, దేశం బయట ఉన్నవాళ్లకు కొత్తగా హెచ్-1బి వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఆ పాత దారి ఇప్పుడు చాలా ఇరుకు.

ఈ రెండేళ్లలో ఎంత మిగులుతుందని మీ నాన్న అడిగాడు. నెలకు ఇరవై వేలు దాచినా ఐదు లక్షలు కూడా దాటదు. నలభై లక్షల ముందు అది చిన్నదే. అయినా మొదటి విడతలో ఆ ఐదు లక్షలు నీ డబ్బే పెడితే, దాని వడ్డీతో కలిపి బాకీ ఆరుంపావు లక్షలు తగ్గుతుంది. నెల వాయిదాలో ఎనిమిది వేలు పైగా తగ్గినట్టే. డబ్బు కోసమే అయితే నేను ఆగమని చెప్పేవాణ్ణి కాదు.

ఆ రెండేళ్లు ఏ పని చేస్తావన్నదే ముఖ్యం. శిక్షణ అయ్యాక ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా బెంచి మీద కూర్చోబెడతారు, లేదా రాత్రి షిఫ్టులో ఫిర్యాదుల టికెట్లు మూసే పనిలో వేస్తారు. ఆరు నెలలు గడిచాక నిన్ను నువ్వే అడుగు. నేను రాసిన ప్రోగ్రాము ఎక్కడ నడుస్తోంది? అది చెడిపోతే ఎవరికి నష్టం? దీనికి జవాబు లేకపోతే వేరే ప్రాజెక్టు కోసం గట్టిగా అడుగు, ఇవ్వకపోతే ఏడాది నిండాక కంపెనీ మారు. ఇంకో సంగతి. ఇప్పుడు నువ్వు డేటా సైన్సుకు దరఖాస్తు పెట్టింది నీ స్నేహితురాళ్లందరూ పెట్టారని. పనిలో ఏ చిక్కు నిన్ను రాత్రి కూడా వదలకుండా వెంటాడుతుందో చూసుకుని దాని కోసం చదువు. దరఖాస్తుతో పంపే వ్యాసంలో అప్పుడు రాయడానికి నీ సొంత మాట ఉంటుంది.

కాలేజీ వదిలేలోపు కొన్ని పనులు చేసుకో. జేఎన్‌టీయూ ట్రాన్స్క్రిప్టులు అనంతపురం నుంచి ఇప్పుడే తెప్పించుకో. నీ ప్రాజెక్టు చూసిన మాస్టార్లను సిఫారసు లేఖలకు ఒప్పించు, వాళ్లు కాలేజీలు మారుతుంటారు, వాళ్ల సొంత ఈమెయిలు కూడా రాసి పెట్టుకో. జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, టోఫెల్ రెండేళ్లే, అది మళ్లీ రాయక తప్పదు. వచ్చిన సీటును ఏడాది వాయిదా వేస్తారేమో విశ్వవిద్యాలయానికి రాసి అడుగు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకు. కంపెనీలో చేరేటప్పుడు బాండు పత్రం చదవకుండా సంతకం పెట్టవద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదలవద్దు. నోటీసు మూడు నెలలు ఉంటుంది. ఆగస్టుకు చేరాలంటే ముందు డిసెంబరులోనే దరఖాస్తులు వెళ్లాలి, వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం చేతికొచ్చాక ఆ నోటీసు లెక్క చూసుకుని వీసా ఇంటర్వ్యూ తేదీ తీసుకో. వీసా ముద్ర పడకముందు రాజీనామా చేయకు.

రెండేళ్లు అంటే రెండేళ్లే. నాలుగైదేళ్లు గడిస్తే జీతం పెరుగుతుంది, ఇంట్లో పెళ్లి మాట వస్తుంది, మళ్లీ విద్యార్థిగా బతకడం కష్టమనిపిస్తుంది. వచ్చే ఏడాది చివర్లో దరఖాస్తులు మొదలుపెట్టే నెల ఇప్పుడే రాసి పెట్టుకో.

ఒక్క సందర్భంలో మాత్రం ఇదంతా పక్కన పెట్టి ఈ ఆగస్టులోనే వెళ్లు. విశ్వవిద్యాలయం ఫీజు మాఫీ చేసి, అసిస్టెంటుషిప్పు ఇస్తున్నట్టు రాతపూర్వకంగా పంపితే అప్పు సగానికి పడిపోతుంది, మూలాపేట ఇంటి అవసరమే రాదు. నీకు సీటిచ్చిన శాఖకు ఈమెయిలు రాసి అడిగావా? అడగకపోతే ఈ రాత్రే రాయి. మీ నాన్న ఆదివారం కావలి వస్తానన్నాడు. నువ్వూ రా. చెన్నై వాళ్ల ఆఫర్ లేఖ, బాండు కాగితం, విశ్వవిద్యాలయం పంపిన ఖర్చుల పట్టిక తీసుకురా, ముగ్గురం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న