కాకి, దుత్త, ఫోను కవరు

సందేహం: సామెతల్లో ఎప్పుడూ కాకి, కుక్క, రోలు, కుండ ఇవే ఎందుకు వస్తాయి? ఈ కాలపు వస్తువులతో కొత్త సామెత కట్టవచ్చా? 'ఫోను చూస్తూ కూర్చుంటే బతుకు పాడవుతుంది' అని నేనొకటి కడితే మా నాన్నమ్మ నవ్వేసింది.
– ఒక పాఠకురాలు, కందుకూరు

సమాధానం: మీ నాన్నమ్మగారు నవ్వింది 'పాడవుతుంది' అన్న మాటకే అయివుంటుంది. అక్కడ తీర్పు మీరే చెప్పేశారు. సామెత దృశ్యం చూపించి, తీర్పు వినేవారికి వదిలేస్తుంది.

'ఎద్దు పుండు కాకికి ముద్దు' చూడండి. కాడి ఒరుసుకుని మెడ మీద పుండు పడ్డ ఎద్దును ఒంగోలు పల్లెల్లో చూడని పెద్దలు ఉండరు. కాకి దాని మీద వాలి పొడుస్తుంది. ఎద్దు తల విదిలిస్తే ఎగిరి, మళ్లీ అక్కడికే వస్తుంది. పరుల కష్టం పండుగైన మనిషి గురించి ఇంతకంటే చెప్పేదేముంది? పైగా అతడు ఎదురుగా ఉన్నా పేరెత్తకుండా అనవచ్చు. గొడవకు దిగితే తానే ఆ కాకినని ఒప్పుకున్నట్లవుతుంది. జంతువులు సామెతల్లో చేరడానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

వస్తువుల దగ్గర చెవికి పని ఎక్కువ. 'అత్త మీద కోపం దుత్త మీద' అన్నచోట కుండో చట్టో కాక దుత్తే ఎందుకు వచ్చింది? 'త్త' ప్రాస కలిసింది కనుక. పాలూ పెరుగూ పోసుకునే ఆ చిన్న కుండ వంటిళ్లలో ఇప్పుడు కనిపించదు. అయినా ప్రాస పట్టుకుని ఉండడంతో మాట బతికింది. ఎద్దు, ముద్దు కూడా అలా కలిసినవే.

ఇక కొత్తది. ముందు వస్తువును కాదు, మనిషి తీరును పట్టుకోండి. అసలుది లేకపోయినా సోకు మానని తీరును 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అన్నారు పెద్దలు. ఇప్పుడు మీసాలకు ఆ నూనె రాసేవారేరి? అదే పని చేసే నేటి వస్తువు కోసం వెతికి, 'సిగ్నల్ లేని ఊళ్లో ఫోనుకు మంచి కవరు తొడిగినట్లు' అని రాసుకున్నాను. బొమ్మ కుదిరింది కానీ చెవికి పట్టలేదు. 'మంచి' అన్నది తీర్పు, కొట్టేశాను. సిగ్నల్‌ను టవరు చేస్తే కవరుతో 'వ' ప్రాస పడింది. 'టవరు లేని ఊళ్లో కవరు సోకు' అంటే ఉత్తరాల కవరని పొరబడే వీలుంది. చివరికి 'టవరు లేని ఫోనుకు కవరు సోకు' అని నిలిచింది.

సామెత అయిందో లేదో తెలియాలంటే ఫోను ఊసే లేనిచోట అని చూడాలి. మా వీధి కుళాయిలో వారంగా చుక్క నీరు లేదు, నీళ్ల ట్యాంకుకు మాత్రం రంగులు వేస్తున్నారు. ఖాళీ బిందె దించుకుని చూస్తున్న పక్కింటి పెద్దావిడతో ఈ మాట అన్నాను. ఆమె అర్థం అడగలేదు. "మా పెద్దల్లుడి వ్యాపారమూ అంతేనయ్యా" అన్నారు.