లె అరికో: సంధి కలవని హెచ్

ప్రశ్న: ఫ్రెంచ్‌లో హెచ్ ఎక్కడా పలకరు కదా. మరి మనిషిని 'లోమ్' అని కలిపేసి, బీన్స్‌ని మాత్రం 'లె అరికో' అని విడదీస్తారెందుకు? ఏది కలపాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: హెచ్ రెండు రకాలు. నోట్లో రెండూ సున్నే. తేడా ముందున్న మాటలో తెలుస్తుంది. మ్యూట్ హెచ్ ఉంటే ఆ మాట అచ్చుతో మొదలైనట్టే లెక్క. అందుకే ఏకవచనంలో ముందొచ్చే 'లె' అనే ఆర్టికల్‌లోని ఎకారం లోపించి 'లోమ్' అవుతుంది, బహువచనంలో 'లే' చివర దాగిన జకారం బయటికొచ్చి 'లేజోమ్' అవుతుంది. ఆస్పిరేటెడ్ హెచ్ ఈ రెండింటినీ అడ్డుకుంటుంది. కాబట్టి లె అరికో, లే అరికో. 'లారికో', 'లేజరికో' రెండూ తప్పే.

మూలం చరిత్రలో ఉంది. గొడ్డలి (ఆష్), ద్వేషం (ఎన్), సిగ్గు (ఓఁత్) లాంటివి జర్మానిక్ భాషల నుంచి వచ్చాయి. వాటి హకారాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. ధ్వని పోయినా అడ్డు మిగిలింది. లాటిన్ నుంచి వచ్చిన ఓమ్ (మనిషి), ఎర్బ్ (గడ్డి) లాంటి వాటిలో హకారం లాటిన్‌లోనే జారిపోయింది.

అయితే మూలాన్ని బట్టి ఊహిస్తే దెబ్బతింటారు. వీరుడు అనే 'ఏరో' గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది, అయినా ఆస్పిరేటెడే: లె ఏరో, లే ఏరో. కలిపి 'లే జేరో' అన్నారంటే వీరులు కాస్తా సున్నాలైపోతారు! అదే కుటుంబంలోని వీరవనిత మాత్రం మ్యూట్: లేరోయిన్, లేజేరోయిన్.

అందుకే నిఘంటువు చూడక తప్పదు. ఆస్పిరేటెడ్ మాట ముందు కొన్నిటిలో నక్షత్రం గుర్తు, కొన్నిటిలో ఉచ్చారణ మొదట అపాస్ట్రఫీ ఉంటుంది. మాటను ఒంటరిగా కాక 'లె', 'లే' రెండింటితో కలిపి బట్టీపట్టండి. 'ఈ' అనే మాటకూ అదే వర్తిస్తుంది: సె ఏరో, కానీ సెతోమ్.

తెలుగువాళ్ల నోట నేను ఎక్కువగా వినే తప్పు వేరు. హకారం పలకడం తొందరగానే మానేస్తారు. కానీ రెండు అచ్చులు పక్కపక్కన పడితే మన యడాగమం తనంతట తాను వచ్చేసి 'లెయరికో' అవుతుంది. అక్కడ యకారం వద్దు. రెండచ్చుల మధ్య గొంతును ఒక్క క్షణం బిగించి వదిలితే చాలు.

1990 నాటి సంస్కరణతో 'లేజరికో'కి అనుమతి వచ్చిందనే పుకారుంది. ఆ సంస్కరణ వర్ణక్రమానికి సంబంధించింది. అరికో హెచ్ ఆస్పిరేటెడేనని ఫ్రెంచ్ అకాడమీ స్పష్టంగా చెప్పింది.

అంకెల్లో ఇంకో చిక్కుంది. 8 విడిగా ఉంటే కలవకుండా 'లె విత్' అనే అంటారు, కానీ 18లో కలిసి 'దిజ్విత్' అవుతుంది. 11కి అసలు హెచ్చే లేదు, అయినా 'లె ఓఁజ్' అనే అంటారు.