సీనియర్‌ని పదిహేను నిమిషాలు అడగబోతున్న అమ్మాయికి

చిట్టీ,

మన కాలేజీ సీనియర్‌కి పంపాలని నువ్వు రాసిన మెసేజ్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు బాగుంది, మర్యాద కూడా ఉంది. కానీ ఆ 2018 బ్యాచ్ అబ్బాయి దానికి జవాబు ఇవ్వడనే అనిపించింది. ఎందుకో ఫోన్లో చెబితే సగం వింటావు, సగం వదిలేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

చిప్ వెరిఫికేషన్‌లో, అంటే తయారీకి ముందే చిప్ డిజైన్‌లో తప్పులు వెతికే పనిలో ఉన్న మాలాంటివాళ్లకి, అందులోనూ మన కాలేజీల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాళ్లకి, జూనియర్ల మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. చాలావాటిలో ఒకటే మాట: "రెస్యూమె జత చేశాను, ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేయండి." నువ్వు అంత సూటిగా అడగలేదు. "మీ విలువైన మార్గదర్శనం కావాలి, పదిహేను నిమిషాలు కేటాయించగలరు" అని రాసి, కింద రెస్యూమె పెట్టావు. చదివేవాడికి రెండూ ఒకటే. మార్గదర్శనం అంటే దేని గురించో అతనికి తెలియదు. రెస్యూమె కనబడింది కాబట్టి చివరికి రిఫరల్ అడుగుతుందని అనుకుంటాడు, పక్కన పెట్టేస్తాడు.

రిఫరల్ అంటే ఎందుకు వెనకాడతారో కూడా తెలుసుకో. కంపెనీ లోపలి పోర్టల్‌లో నీ పేరు పెట్టాలంటే చాలాచోట్ల "ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, పని ఎలా చేస్తారు" అని అడుగుతారు. నిన్ను చూడని మనిషి అక్కడ ఏం రాస్తాడు? ఏదో రాసి పంపినా, నువ్వు ఇంటర్వ్యూలో తడబడితే ఆ మాట అతని మీదకే వస్తుంది. అందుకే అతనిది గర్వం అనుకోకు.

సరే, ముందు ఎవరిని అడగాలి అన్నది. లింక్డ్‌ఇన్‌లో మన కాలేజీ పేజీకి వెళ్తే Alumni అని ఒక విభాగం ఉంటుంది. అందులో ఊరిని బట్టి, కంపెనీని బట్టి, పనిని బట్టి జల్లెడ పట్టొచ్చు. నువ్వు మొదట ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డైరెక్టర్‌ని ఎంచుకున్నావట, అమ్మ చెప్పింది. ఆయన చాలా గొప్ప ఇంజినీరే కావచ్చు. కానీ ఆయన ఈ రంగంలోకి వచ్చిన తలుపు ఇప్పుడు అలా లేదు. నీకన్నా మూడు నుంచి ఆరేళ్లు ముందున్నవాళ్లని చూడు. వాళ్లలోనూ నీలాగే పక్క దారిలోంచి లోపలికి వచ్చినవాళ్లని చూడు. ఈ 2018 అబ్బాయి ప్రొఫైల్‌లో నాకు నచ్చింది అదే: మొదట సర్వీస్ కంపెనీ, రెండేళ్ల తర్వాత చిప్ కంపెనీ. క్యాంపస్ నుంచి నేరుగా పెద్ద కంపెనీలో పడ్డవాడికన్నా ఇతనికే నీ ఇబ్బంది బాగా అర్థమవుతుంది.

ఇక అసలు విషయం, ప్రశ్న. పదిహేను నిమిషాలు అడిగేటప్పుడు ఆ పదిహేను నిమిషాల్లో తేలిపోయే ప్రశ్న ఒకటి మెసేజ్‌లోనే ఉండాలి. "వెరిఫికేషన్‌లోకి ఎలా రావాలి" అన్నది అలాంటిది కాదు, దానికి ఒక సాయంత్రం చాలదు. పైగా దాని జవాబు ఎక్కడ వెతికినా దొరుకుతుంది: డిజిటల్ ఎలక్ట్రానిక్స్, వెరిలాగ్, సిస్టమ్‌వెరిలాగ్ భాషలు, ఆ తర్వాత డిజైన్‌ని పరీక్షించే టెస్ట్‌బెంచ్‌లు రాసే పద్ధతి యూవీఎం. ఇవి తెలుసుకోవడానికి ఒక మనిషి సమయం తీసుకోనక్కర్లేదు. అతను మాత్రమే చెప్పగలిగింది అడగాలి.

నీ విషయంలో అదేమిటో మొన్న నీ మాటల్లోనే వచ్చింది, నువ్వు గమనించలేదు. ఏపీబీ అనే చిన్న బస్ ప్రోటోకాల్ మీద యూవీఎం టెస్ట్‌బెంచ్ ఒకటి సొంతంగా రాశావు. ఇప్పుడు ఇంకో పెద్ద ప్రోటోకాల్‌తో రెండో ప్రాజెక్ట్ మొదలుపెట్టాలా, లేక ఉన్నదాన్నే లోతుగా చేయాలా అని తేల్చుకోలేకపోతున్నావు. అది మంచి ప్రశ్న. ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల నుంచి వచ్చే రెస్యూమెల్లో అవే ఫిఫో, డ్యూయల్ పోర్ట్ ర్యామ్, ఏఎక్స్ఐ ప్రాజెక్టులు వరసగా కనబడతాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి వాటి పేర్లు చూసి ఏమీ తెలియదు, లోపలికి తవ్వి అడగాల్సిందే. ఈమధ్యే ఆ కుర్చీలో అటూ ఇటూ కూర్చున్నవాడు నీకు సరిగ్గా చెప్పగలడు.

మెసేజ్ ఇంగ్లీషులోనే పంపు, అతనికి తెలుగు వచ్చినా సరే, ఆఫీసు స్క్రీన్ మీద అదే తేలిక. మాటలు నీవి పెట్టుకో, విషయం మాత్రం ఇలా ఉండాలి:

"నమస్తే అండీ. నేను మన కాలేజీ 2023 ఈసీఈ బ్యాచ్. బెంగళూరులో మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను. వెరిఫికేషన్‌కి మారాలని సిస్టమ్‌వెరిలాగ్ నేర్చుకుని, ఏపీబీకి ఒక చిన్న యూవీఎం టెస్ట్‌బెంచ్ రాశాను. మీరు సర్వీస్ కంపెనీలో మొదలుపెట్టి చిప్ కంపెనీకి మారినట్టు ప్రొఫైల్‌లో చూశాను. నాకు ఒక విషయం తేలడం లేదు: ఇప్పుడు రెండో ప్రాజెక్ట్ చేయడం మంచిదా, ఉన్నదానిలోనే కవరేజీ, అసర్షన్లు, డీబగ్ లోతుగా చేయడం మంచిదా? దీని గురించి పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? శనివారం ఉదయం 10 నుంచి 12 మధ్య, లేదా వారంలో ఏ రోజైనా మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య నాకు వీలవుతుంది. మీకు అనువైన వేరే సమయమైనా సరే. ఇప్పుడు పని ఎక్కువగా ఉంటే రెండు వాక్యాలు రాసినా చాలు."

రెస్యూమె వద్దు. అడిగితే పంపు. "రిఫరల్ కోసం కాదు" అని కూడా రాయొచ్చు, కానీ నిజంగా అడగదలచుకోకపోతేనే రాయి. అలా రాసి కాల్ చివర్లో అడిగితే అంతకన్నా చెడ్డది లేదు.

చివరి వాక్యం తీసేయకు. కాల్ అంటే వెనకాడే మనిషి కూడా రెండు వాక్యాలు రాస్తాడు. ఆ రెండు వాక్యాలే ఒక్కోసారి నీకు కావలసినంత చెబుతాయి. లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ అడిగేటప్పుడు పెట్టే నోట్‌లో ఇదంతా పట్టదు. అక్కడ కాలేజీ, బ్యాచ్, ప్రశ్న ఒక్క ముక్కలో పెట్టి, అతను ఒప్పుకున్నాక పూర్తి మెసేజ్ పంపు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో నంబర్ కనిపించిందని నేరుగా కాల్ మాత్రం చేయకు.

సమయాల గురించి ఒక మాట. నువ్వు డ్రాఫ్ట్‌లో "రాత్రి 8 తర్వాత ఎప్పుడైనా" అన్నావు. ఇక్కడ చాలా టీములకు అమెరికాతో కాల్స్ ఆ వేళకే ఉంటాయి. వేసవిలో మన రాత్రి ఎనిమిదిన్నర అంటే కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిది. అందుకే మధ్యాహ్నం, లేదా శనివారం. వీడియో కాల్ కాకుండా మామూలు ఫోన్ అడుగు. ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కూర్చుని మాట్లాడటానికి చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, అక్కడ వాళ్లకి ఉన్నది సమయమే.

జవాబు రాకపోతే టెన్షన్ పడకు. చిప్ డిజైన్‌ని తయారీకి పంపేదాన్ని టేపౌట్ అంటాం. దానికి ముందు వారాల్లో టెస్టులన్నీ మళ్లీ మళ్లీ నడపడం, ఫెయిలయినవి డీబగ్ చేయడం, కవరేజీ పూర్తి చేయడం, ఇంతే మా బతుకు. సొంత ఇంటివాళ్ల మెసేజ్‌లే చూడం. వారం, పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయి. అప్పటికీ లేకపోతే ఇంకొకరిని చూసుకో, మూడో మెసేజ్ వద్దు.

కాల్ కుదిరిందనుకో. పీజీలో మీ రూమ్‌మేట్ల గోల మధ్య మాట్లాడకు, మారతహళ్లిలో నిశ్శబ్దం దొరకడం కష్టమే కానీ మేడమీదకి వెళ్లు, సిగ్నల్ ముందే చూసుకో. ఇంగ్లీషులో మొదలుపెట్టు, అతను తెలుగులోకి వస్తే నువ్వూ వచ్చేయి. నీ గురించి ఒక నిమిషం చాలు, మెసేజ్‌లో ఉన్నది మళ్లీ చెప్పకు. నేరుగా ప్రశ్నలోకి వెళ్లు.

ప్రశ్నని అతని అనుభవం వైపు తిప్పి అడగడం నేర్చుకో. "ఏది చేయాలి" అంటే "రెండూ చేయండి" అని ఊరుకుంటారు. "మీరు చేరిన మొదటి ఆరు నెలల్లో మీకు ఏ పని ఇచ్చారు? టెస్ట్‌బెంచ్ మొదట్నుంచీ రాశారా, ఉన్నదాంట్లో టెస్టులు రాసి ఫెయిల్యూర్లు డీబగ్ చేశారా?" అని అడుగు. కొత్తవాళ్లకి ఎక్కువగా రెండోదే ఇస్తారు. అతను అదే చెబితే నీకు జవాబు దొరికినట్టే: రెండో ప్రాజెక్ట్ ఆపి, ఉన్న టెస్ట్‌బెంచ్‌లో డిజైన్‌కి కావాలనే తప్పులు పెట్టి, వేవ్‌ఫామ్‌లో వాటిని పట్టుకోవడం సాధన చేయాలి. ఆ తర్వాత "ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ మీద మిమ్మల్ని ఎక్కడ ఇరికించారు?" అని అడుగు. ఈ ఒక్కదానికి వచ్చే జవాబు కోసమైనా ఆ కాల్ చేయొచ్చు. ఎక్కడ తడబడ్డారో ఎవరూ మర్చిపోరు, అడిగితే చెబుతారు.

ఏ చిప్ మీద పనిచేస్తున్నారు, క్లయింట్ ఎవరు అని మాత్రం అడగకు. అది చెప్పకూడదని వాళ్లు సంతకం పెట్టి ఉంటారు. అడగ్గానే గొంతు మారిపోతుంది, మిగిలిన కాల్ అంతా జాగ్రత్తగా మాట్లాడతారు. అతని జీతం కూడా వద్దు.

పదమూడో నిమిషంలో నువ్వే అను: "పదిహేను నిమిషాలు అవుతున్నాయండీ." అతను ఇంకా చెప్పాలనుకుంటే చెబుతాడు, అది అతని ఇష్టం. ఆగేలోపు చివరి ప్రశ్న ఒకటి: "ఈ విషయం మీద ఇంకెవరితోనైనా మాట్లాడమంటారా?" పేరు చెబితే, మీ పేరు చెప్పొచ్చా అని అనుమతి కూడా తీసుకో. తనంతట తనే "రెస్యూమె పంపు" అంటే మొహమాటపడకు, ఆ రోజే పంపు. ఏ ఉద్యోగానికి సరిపోతావో జాబ్ నంబర్‌తో సహా రాయి, అతను వెతుక్కునే పని ఉండకూడదు.

అదే రోజు థాంక్స్ చెప్పు, మూడు లైన్లలో, అతను చెప్పిన మాటల్లో ఏది పట్టుకున్నావో పేరు పెట్టి. ఆ తర్వాత నెలో నెలన్నరో గడిచాక ఏం చేశావో రాయి: "మీరు చెప్పినట్టు రెండో ప్రాజెక్ట్ ఆపాను, డీబగ్ మీద కూర్చున్నాను, ఫంక్షనల్ కవరేజీలో వదిలేసిన రెండు కేసులు దొరికాయి" అని. ఈ రెండో మెసేజ్ దాదాపు ఎవరూ పంపరు. పంపినవాళ్ల గురించి పోర్టల్‌లో రాయడానికి సీనియర్ దగ్గర ఒక నిజమైన మాట ఉంటుంది. రిఫరల్ వస్తే ఇక్కడి నుంచే వస్తుంది.

శనివారం లోపు మెసేజ్ తిరగరాసి నాకు పంపు. మొదటి రెండు లైన్లలోనే నీ ప్రశ్న కనబడేలా ఇంకా కుదించగలవేమో చూడు. చూసి చెబుతాను, సోమవారం కాకుండా మంగళవారమో బుధవారమో పంపుదువుగాని. సోమవారం అందరి ఇన్‌బాక్సూ నిండి ఉంటుంది.

ప్రేమతో,
పిన్ని