అమ్మ మాత్ర, అమ్మ గొంతు

ప్రశ్న: ఫోన్‌లో మామూలు అలారం మోతకు బదులు మన గొంతుతోనే గుర్తుచేసే మాట రికార్డు చేసి పెట్టుకుంటే నిజంగా పని జరుగుతుందా? ఎవరైనా చేసి చూశారా?

జరుగుతుంది. అయితే అది ఎవరి గొంతు కావాలన్నది తేల్చుకోవడానికి మా ఇంట్లో దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ అనుభవాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మ తెనాలిలో ఒంటరిగా ఉంటుంది. వయసు 68. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 30 ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసింది. ఆమెకు థైరాయిడ్ తక్కువగా పనిచేస్తుంది కనుక రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ ముట్టకూడదు, ఎందుకంటే కాఫీతో కలిస్తే ఆ మందు పేగుల్లోంచి ఒంటికి సరిగా పట్టదు. ఎముకల కోసం వేసుకునే కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ నియమాలన్నీ అమ్మకు నాకంటే బాగా తెలుసు. థైరాయిడ్ మందు ఒంటికి చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ నిరుడు రక్తపరీక్షలో 9.2 చూపించినప్పుడు డాక్టరుగారు మోతాదును 100కు పెంచుదామన్నారు. నేను ఒక వారం ఆగమని కోరి, సెలవు పెట్టి తెనాలి వెళ్లాను.

వెళ్లిన రోజే మాత్రల సీసా లెక్కపెట్టాను. అది 120 మాత్రల సీసా. మూత మీద అమ్మ రాసుకున్న తేదీ ప్రకారం తెరిచి 30 రోజులైంది కనుక అందులో 90 మాత్రలు ఉండాలి. 101 ఉన్నాయి. అంటే నెలలో 11 రోజులు ఆమె మాత్ర వేసుకోనే లేదు. ఆ విషయం ఆమెకు తెలియదు. రోజూ వేసుకుంటున్నాననే ఆమె నమ్మకం.

కారణమేమిటో మర్నాడు ఉదయం నా కళ్లతో చూశాను. అమ్మ 5 గంటలకు ముందే లేచి కుళాయి నీళ్లు పడుతోంది. సరిగ్గా 5 గంటలకు పడకగదిలో ఛార్జింగు పెట్టిన ఫోన్ కీచుమని మోగింది. ఆమె తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ వెళ్లి దాన్ని ఆపింది. ఆపి వెనక్కి తిరిగేసరికి బిందె నిండిపోతున్న చప్పుడు వినబడింది, పరుగున వచ్చింది. ఆ తర్వాత పాలవాడు, ఆ తర్వాత ఫిల్టరులో డికాక్షన్, ఆ తర్వాత కాఫీ. ఆరున్నరకు బీపీ మాత్ర తీసుకోబోతూ థైరాయిడ్ సీసా కంటబడితే, "అయ్యో" అనుకుని రెండూ, కాల్షియంతో సహా, ఒక్క గుక్కలో వేసుకుంది. అది కంటబడని రోజులే ఆ 11 రోజులు. మాత్ర వేసుకున్న రోజుల్లో కూడా చాలా భాగం కాఫీతో, కాల్షియంతో కలిసి వృథా అయిపోయింది.

ఇందులో నాకు అర్థమైనది ఒకటే. మోత విన్న మనిషి ముందు ఫోన్ దగ్గరకు వెళ్లాలి, ఇది దేని కోసం మోగిందో తన మనసులోంచి వెతికి తీయాలి, ఆ పైన ఆ పనికి పూనుకోవాలి. ఆ వెతుకులాట పూర్తయ్యే లోపలే చెయ్యి అలారాన్ని ఆపేస్తుంది, ఆపడంతోనే ఏదో పని ముగించినట్టు మనసు ఊరుకుంటుంది. అదీగాక ఈ రోజుల్లో ఇంట్లో మోగనిది లేదు. వాషింగ్ మిషన్ మోగుతుంది, ఇన్వర్టరు మోగుతుంది, ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే మోగుతుంది, బ్యాంకువాళ్ల సందేశం వచ్చినా ఫోన్ మోగుతుంది. అన్నీ ఇంచుమించు ఒకే కీచుగొంతుతో మోగుతున్నప్పుడు ఏ మోత ప్రాణానికి సంబంధించినదో, ఏది ప్రకటనో తేడా తెలియడం మానేస్తుంది. పెద్ద వయసులో ముందుగా తగ్గేది అలాంటి కీచు ధ్వనులను వినే శక్తే కదా, ఆ మాట ఈ వస్తువులు తయారు చేసేవారు ఎందుకు పట్టించుకోరో నాకు ఎంతకీ అర్థం కాదు.

ఆ రాత్రి నా గొంతుతో రికార్డు చేశాను. "అమ్మా, అమ్మా, థైరాయిడ్ మాత్ర వేసుకో" అన్నాను. మొదటి రోజు అమ్మ "వస్తున్నానే" అంటూ గదిలోకి వచ్చి, నేను నిద్రలో ఉండటం చూసి, ఫోన్ వైపు ఒక క్షణం అలాగే చూసి మాత్ర వేసుకుంది. వారం రోజులు ఏ లోపమూ లేదు. నేను హైదరాబాదు వచ్చేశాక రెండో వారంలో ఫోన్ చేసి అడిగితే, "నువ్వు చెబుతూనే ఉన్నావులే, ఈ బిందె దించి వేసుకుందామని..." అంది. అప్పుడు తెలిసింది: రికార్డులోని నాకు ఆమె అచ్చం నిజమైన నాకు చెప్పినట్టే "సరేలేవే" అని జవాబు చెబుతోంది. కూతురు చెప్పిన మాటను కాసేపు వాయిదా వేసే హక్కు తల్లికి ఎప్పుడూ ఉంటుంది. నా గొంతు ఆమెను గదిలోకి రప్పించగలిగింది కానీ మాత్ర దాకా నడిపించలేకపోయింది.

మూడో వారం ఆమె గొంతుతో ఆమెనే రికార్డు చేయమన్నాను. మొదట ఒప్పుకోలేదు. తన గొంతు రికార్డులో పీలగా, ఎవరిదోలా వినిపిస్తుందని బాధపడింది. అది అందరికీ ఉండేదే: మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరి బరువుగా వినిపిస్తుంది, రికార్డులో ఆ బరువు ఉండదు. ఆ తెలిసీ తెలియనితనమే చెవిని నిలబెడుతుందని నా నమ్మకం. తరగతిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పమంటే చివరికి ఇలా చెప్పింది: "టీచరుగారూ, టీచరుగారూ. స్టవ్ వెలిగించవద్దు. ఫ్రిజ్ మీద తెల్ల సీసా తీయండి. ఒక మాత్ర, గ్లాసు నీళ్లు. తర్వాతే కాఫీ."

ఈ నాలుగు మాటల్లోనే అసలు కిటుకంతా ఉంది. "మందు గుర్తుంచుకో" అని చెబితే మోత చేసిన తప్పే మాట కూడా చేస్తుంది, ఎందుకంటే వెతుకులాట ఇంకా వినేవారి మీదే ఉంటుంది. చెయ్యి ఎటు చాచాలో, ఏ పని ఆపాలో చెప్పాలి. కాఫీ వద్దు అని కాకుండా స్టవ్ వెలిగించవద్దు అనడం అమ్మ సొంత ఆలోచన, అది నాకు తట్టలేదు. ఆ గంటలో తన చెయ్యి ముందుగా వెళ్లేది అగ్గిపెట్టె మీదికేనని ఆమెకు మాత్రమే తెలుసు. సొంత గొంతు పనిచేయడానికి నా లెక్కలో ఇదే పెద్ద కారణం: నిన్న రాత్రి నింపాదిగా ఉన్న మనిషి, రేపు ఉదయం తాను ఎక్కడ దారి తప్పుతుందో తెలిసి మరీ చెబుతుంది, ఆ మాటకు ఎదురు చెప్పడానికి అవతల వేరే మనిషి ఉండదు.

పరిశోధన కావాలనేవారికి ఒకటి చెబుతాను. 2006లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు 24 మందిని గాఢనిద్రలో ఉండగా అగ్నిప్రమాద అలారాలతో లేపి చూశారు. పేరు పెట్టి పిలిచి ఏం చేయాలో చెప్పిన తల్లి గొంతుకు 23 మంది లేచారు, మామూలు మోతకు 14 మందే లేచారు. తర్వాత జరిగిన పరీక్షల్లో పరాయి స్త్రీ గొంతు కూడా ఇంచుమించు అంత బాగానే లేపిందని తేలింది. దీన్ని చూపించి గొంతు ఎవరిదైనా ఒకటేనని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. నిద్రలేపడం వేరు, మెలకువగా ఉండి నాలుగు పనుల్లో మునిగిన మనిషిని ఒక పని మానిపించి మరొక పనికి మళ్లించడం వేరు.

మీరు చేసుకోవాలనుకుంటే పద్ధతి తేలికే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రికార్డర్‌తో మాట రికార్డు చేసి, గూగుల్ వారి Clock యాప్‌లో ఆ అలారం శబ్దం పేరు మీద నొక్కి, Add new ద్వారా ఆ ఫైలు ఎంచుకోవాలి. మాకు ఎదురైన చిక్కులు మూడు. శబ్దాన్ని నెమ్మదిగా పెంచే Gradually increase volume అమరిక ఉంటే మొదటి మాటలు వినబడవు; దాన్ని తీసేయాలి, అయినా పిలుపును రెండుసార్లు చెప్పడం మంచిది. దూరంగా ఉన్నవారిని పిలిచేటప్పుడు మనం "అమ్మా", "గారూ" అని చివరి అచ్చును సాగదీస్తాం కదా, రికార్డులోనూ అలాగే సాగదీస్తే పక్క గదికి కూడా చేరుతుంది. రెండోది, ఆపేదాకా రికార్డు మళ్లీ మళ్లీ మొదటినుంచి వస్తూనే ఉంటుంది కనుక చివర నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం వదలాలి. లేకపోతే మాట సణుగుడుగా మారి మనిషికి చిరాకు తెప్పిస్తుంది. మూడోది, ఒకసారి అమ్మ ఫోన్‌లో జాగా లేదని పాత ఫైళ్లు చెరిపేస్తూ ఆ రికార్డును కూడా చెరిపింది. అలారం మర్నాడు మళ్లీ పాత కీచుమోతతోనే మోగింది. ఆ ఒక్క ఉదయం మాత్ర తప్పింది.

ఫోన్‌ను ఇప్పుడు పడకగదిలో కాక వంటింట్లో, ఫ్రిజ్ మీద, సీసా పక్కనే పెడుతున్నాం. ఆపడానికి వెళ్లిన చెయ్యి మాత్ర మీదే పడుతుంది. నెల తిరిగేసరికి తన రికార్డును వినీ వినకుండా ఆపేస్తున్నానని అమ్మే గమనించి మాటలు మార్చింది. ఏ గొంతైనా పాతబడుతుంది, కనుక మూడు నాలుగు వారాలకొకసారి కొత్తగా చెప్పుకోవాలి. మతిమరుపు జబ్బు ఉన్నవారికి మాత్రం ఇంట్లో లేని మనిషి గొంతు వినిపించడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆ మొదటి రోజు మా అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆమె ముఖంలో కనబడిన తికమకను నేను మరచిపోలేదు.

ఆమె గొంతుకు మారాక కొత్త సీసా తెరిచి 56 రోజులకు లెక్కపెడితే 64 ఉండాల్సిన చోట 66 మాత్రలున్నాయి. ఒకటి ఆ రికార్డు చెరిగిపోయిన రోజుది, రెండోది పెళ్లికి ఊరెళ్లిన రోజుది. టీఎస్‌హెచ్ 3.1కి దిగింది. డాక్టరుగారు మోతాదు 75 దగ్గరే ఉంచేశారు. మొన్న వెళ్లినప్పుడు చూస్తే, అమ్మ మధ్యాహ్నం కాల్షియం మాత్రకు కూడా ఒక రికార్డు తానే పెట్టుకుంది. అందులో "టీచరుగారూ" తీసేసి, చిన్నప్పుడు అమ్మమ్మ తనను పిలిచే ముద్దుపేరుతో తనను తాను పిలుచుకుంది.