80 సెం.మీ. ర్యాక్ దారిలో ఎ-స్టార్: ఇన్‌ఫ్లేషన్ ఎంత పెట్టాలి?

ప్రశ్న: గోదాములో సామాన్లు మోసే చిన్న రోబోకి దారి వెతికే ఎ-స్టార్ రాశాను. రోబో పొడవు 60 సెం.మీ., వెడల్పు 40 సెం.మీ., డిఫరెన్షియల్ డ్రైవ్. గ్రిడ్ గడి 5 సెం.మీ. ర్యాక్‌ల మధ్య దారి 80 సెం.మీ. అడ్డంకుల చుట్టూ ఉబ్బించే హద్దు, అంటే ఇన్‌ఫ్లేషన్, 42 సెం.మీ. పెడితే దారి లేదంటుంది. 25 పెడితే దారి దొరుకుతుంది కానీ ర్యాక్ మూలలకి రాసుకుంటోంది. అసలు సరైన నంబర్ ఎంత?

జవాబు:

ఒకే నంబర్‌తో రెండు పనులు చేయించాలని చూస్తున్నారు, ఇబ్బంది అక్కడే ఉంది. "ఇక్కడికి వస్తే కచ్చితంగా తగులుతుంది" అనేది ఒక సంగతి. "ఇక్కడికి రావచ్చు, కానీ కాస్త దూరంగా ఉంటే మేలు" అనేది వేరే సంగతి. మొదటిది గోడ, రెండోది వాలు. మీ గ్రిడ్‌లో గోడ మాత్రమే ఉంది. దాన్ని ముందుకి జరిపితే దారి మూసుకుపోతుంది, వెనక్కి జరిపితే మూలలు తగులుతాయి. ఈ రెండింటి మధ్య ఏదో మంచి నంబర్ ఉంటుందని వెతక్కండి.

నేను దాదాపు ఇదే సైజు రోబో మీద పనిచేశాను, కాబట్టి మీ కొలతలతోనే లెక్క చూద్దాం. రోబో తిరిగే బిందువు సరిగ్గా నడిమధ్యలో ఉందనుకుంటున్నాను. అక్కడి నుంచి దగ్గరి అంచుకి 20 సెం.మీ., దూరపు మూలకి 36 సెం.మీ. ర్యాక్ నుంచి కేంద్రం 20 కన్నా దగ్గరగా ఉంటే రోబో ఎటు తిరిగి ఉన్నా తగులుతుంది. 36 దాటితే ఎటు తిరిగినా తగలదు. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడు మాత్రం తగలడం, తగలకపోవడం రోబో ఏ దిక్కుకి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు పెట్టిన 25 సరిగ్గా ఈ మధ్య పట్టీలో పడింది. అందుకే నేరుగా పోయేటప్పుడు ఏమీ కాదు, తిరిగేటప్పుడు రాసుకుంటోంది.

కాబట్టి గోడ 20 దగ్గరే ఉండాలి. అక్కడి నుంచి బయటికి ఖర్చు క్రమంగా తగ్గుతూ పోవాలి. ROS 2లోని Nav2 ఇన్‌ఫ్లేషన్ లేయర్ చేసేది ఇదే. అందులో అడ్డంకి ఉన్న గడికి 254, గోడ పరిధిలోని గడులకి 253, ఆ తర్వాత ఈ సూత్రం:

```
cost = 252 * exp(-k * (d - 0.20))
```

`d` అంటే అడ్డంకి నుంచి మీటర్లలో దూరం. `k` అంటే `cost_scaling_factor`. ఇది పెరిగేకొద్దీ ఖర్చు త్వరగా పడిపోతుంది. చాలామంది ఇక్కడ తిరకాసు పడతారు, పెద్ద నంబర్ పెడితే రోబో ఇంకా దూరంగా ఉంటుందనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం.

`k` విలువ 3 తీసుకుందాం. 36 సెం.మీ. దగ్గర ఖర్చు సుమారు 156. మీ దారి నడిమి గీత ర్యాక్‌కి 40 సెం.మీ. దూరం, అక్కడ 138. ఒక్క గడి పక్కకి జరిగితే ఆ వైపు దూరం 35, ఖర్చు సుమారు 161. అంటే నడిమి గీత మీద ఉన్నంతవరకు రోబో నిలుచున్న చోటే తిరగగలదు, ఒక్క గడి తప్పినా తిరిగితే తగలొచ్చు. మీ దారిలో ఉన్న వెసులుబాటు అంతే. ఈ 156 గుర్తుపెట్టుకోండి. అంతకన్నా ఎక్కువ ఖర్చున్న గడిలో తిరగాలంటే రోబో పూర్తి ఆకారాన్ని పెట్టి చూడాలి, కేంద్రం ఒక్కటే చూస్తే చాలదు.

ఇక వాలు ఎంత దూరం పాకాలి అంటే, కనీసం దారిలో సగం వెడల్పు దాటాలి. `inflation_radius` 0.30 పెట్టారనుకోండి, నడుమ 20 సెం.మీ. పట్టీ అంతా సున్నా ఖర్చే. ఆ పట్టీలో ఎక్కడ నడిచినా ఎ-స్టార్‌కి ఒకటే కాబట్టి, మలుపుకి దగ్గరగా ఉన్న అంచునే పట్టుకుపోతుంది. 0.55 పెడితే రెండు వైపుల వాలు కలుస్తుంది, ఖర్చు నడిమి గీత మీదే తక్కువగా ఉంటుంది, దారి తనంతట తానే మధ్యకి వస్తుంది.

```yaml
inflation_layer:
  plugin: "nav2_costmap_2d::InflationLayer"
  inflation_radius: 0.55
  cost_scaling_factor: 3.0
```

మీది సొంత కోడ్ కాబట్టి ఈ ఖర్చుని ఎ-స్టార్‌లో ఎలా కలుపుతారన్నది ముఖ్యం. నేను వాడేది ఇది:

```python
def step_cost(dist, cell):
    if cell >= 253:
        return float("inf")
    return dist * (1 + W * cell / 252)
```

ఇలా రాస్తే ఒక మీటర్ నడకకి ఖర్చు ఎప్పుడూ 1 కన్నా తగ్గదు. అందుకని ఎనిమిది దిక్కుల గ్రిడ్‌కి సరిపోయే ఆక్టైల్ దూరాన్ని హ్యూరిస్టిక్‌గా, అంటే గమ్యానికి ఇంకా ఎంత ఖర్చవుతుందన్న అంచనాగా పెడితే అది అసలు ఖర్చుని మించదు, వచ్చే దారి అన్నిటికన్నా చవకైనదే అవుతుంది. ఖర్చుని 0 నుంచి 252 వరకు అలాగే కలిపేసి, హ్యూరిస్టిక్‌ని మాత్రం మీటర్లలో ఉంచితే, దాని బలం చాలా తగ్గిపోయి వెతుకులాట డైక్‌స్ట్రాలాగా మ్యాప్ అంతా పాకుతుంది. వేగం కోసం హ్యూరిస్టిక్‌ని పెద్ద సంఖ్యతో గుణిస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఎ-స్టార్ గమ్యం వైపు తొందరపడి వాలుని పట్టించుకోదు, మళ్లీ ర్యాక్‌లని రాసుకుంటూ పోతుంది.

వాలుకి ఎంత బరువివ్వాలో చెప్పే `W` ఎంత పెట్టాలో ఆలోచించి పెట్టండి, ఎందుకంటే ఏ దారిన పోవాలో అదే నిర్ణయిస్తుంది. పై లెక్కలో నడిమి గీత ఖర్చు 252లో సుమారు 0.55 వంతు. `W` 3 అయితే 10 మీటర్ల ఇరుకు దారి 26 మీటర్లకి పైగా లెక్కకొస్తుంది. వెడల్పాటి దారిలో 18 మీటర్ల చుట్టు ఉంటే రోబో అటే పోతుంది. అది మీకు ఇష్టమైతే సరే. ఇరుకు దారే వాడాలంటే `W` 1కి దించండి, అప్పుడు 15.5 మీటర్లు అవుతుంది.

ఇంత చేసినా ర్యాక్ చివరి మూల దగ్గర జాగ్రత్త. గడి నుంచి గడికి ఐమూలగా పోయేటప్పుడు, పక్కనున్న రెండు గడుల్లో ఏ ఒక్కటి మూసి ఉన్నా ఆ అడుగు వేయనివ్వకండి. అంతకన్నా అసలు విషయం, గ్రిడ్ మీది ఎ-స్టార్‌కి రోబో ఏ దిక్కుకి ఉందో తెలియదు. అందుకని దారిని నడిపించే కంట్రోలర్‌లో ఒక నియమం పెట్టాం: ఉన్న గడి ఖర్చు 156 లోపు ఉంటేనే నిలుచున్న చోట తిరగాలి, లేదంటే ఖర్చు తగ్గేదాకా నేరుగా ముందుకి పోవాలి. మూలల దగ్గర రాసుకోవడం దీంతోనే ఆగింది. దారి 70 సెం.మీ. ఉన్న చోట రోబో దూరగలదు కానీ తిరగలేదు, వచ్చిన వైపుకే రివర్స్‌లో పోవాలి. అలాంటి చోట్లు ఎక్కువైతే దిక్కుని కూడా కలిపి వెతికే `SmacPlannerLattice` లాంటిది తీసుకోవడమే నయం.

చివరిగా ఒకటి అడగాలి. మీ మ్యాప్‌లో ర్యాక్‌లు ఎలా కనిపిస్తున్నాయి? నేలకి దగ్గరగా బిగించిన 2డి లైడార్‌కి ర్యాక్ కాళ్లు మాత్రమే తగులుతాయి, పైనున్న అడ్డ కడ్డీలు కనబడవు. రెండు కాళ్ల మధ్య మీటర్ ఖాళీ ఉంటే, ర్యాక్ కింద నుంచి దగ్గరి దారి ఉందని ఎ-స్టార్ సంతోషంగా గీస్తుంది. ఇన్‌ఫ్లేషన్ పెంచి దాన్ని ఆపాలని చూస్తే అసలు దారి కూడా మూసుకుపోతుంది. ర్యాక్ అడుగు మొత్తాన్ని మ్యాప్‌లో నింపేయండి, లేదా రోబో రాకూడని కీపౌట్ జోన్‌గా గీయండి. ఆ తర్వాత RVizలో కాస్ట్‌మ్యాప్ తెరిచి 80 సెం.మీ. దారి నిజంగా 16 గడులు ఉందో లేదో లెక్కపెట్టండి. లేజర్ నాయిస్ వల్ల ర్యాక్ అంచు మ్యాప్‌లో ఒక గడి లావెక్కితే మీకున్న ఆ కాస్త వెసులుబాటు కూడా పోతుంది, పై అంకెలన్నీ మళ్లీ వేసుకోవాలి.