బ్యాంకుకు పోయే ముందు పాడి లెక్క ఇలా రాయరా అబ్బాయీ

అబ్బాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. ఐదు గేదెలు, గేదెకు రోజుకు ఎనిమిది లీటర్లు, లీటరు 55 రూపాయలు, 365 రోజులు, ఏడాదికి 8,03,000 ఆదాయం అని రాశావు. గుణకారం తప్పులేదు, లెక్కే తప్పు. ఇది తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెడితే ఆయన ఏమీ అనడు గానీ ఫైలు మాత్రం కదలదు, ఎందుకంటే పాల డబ్బు పడే మీ నాన్న ఖాతా ఉన్నది ఆ బ్యాంకులోనే, అందులో పాల డబ్బు దీంట్లో సగం కూడా పడలేదు. ఇంకో రెండు గేదెలకు లోను కావాలంటే ముందు ఈ కాగితం చించేసి ఒక పుస్తకం మొదలుపెట్టు. ఊళ్లో పాల సొసైటీ బిల్లులు రాసి రాసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఈ లెక్క ఎక్కడ దొరికిపోతుందో నాకు తెలుసు.

పుస్తకం అంటే పెద్ద టెన్షన్ పడక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. రోజుకు ఒక వరస. పొద్దున పూట ఎన్ని లీటర్లు, సాయంత్రం పూట ఎన్ని, అందులో ఇంట్లోకి ఉంచుకున్నవి ఎన్ని, ఇరుగుపొరుగుకు పోసినవి ఎన్ని, పాల కేంద్రానికి పోసినవి ఎన్ని. కేంద్రంలో ఇచ్చే స్లిప్పు మీద ఉన్న ఫ్యాట్, రేటు కూడా అదే వరసలో ఎక్కించు. ఈ పని రాత్రికి వాయిదా వేయకు, పాలు పోసి రాగానే కోడలు చేత రాయించినా సరే. స్లిప్పులన్నీ దండకు గుచ్చి ఉంచాను అంటావేమో, ఒకటి తీసి చూడు. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఎండ తగిలితే ఇంకా తొందరగా తెల్లకాగితం అయిపోతుంది. అందుకే పదిహేను రోజుల బిల్లు ఇచ్చినప్పుడల్లా దానికి జిరాక్స్ తీయించి, కార్యదర్శి చేత సంతకం, సీలు వేయించుకో. ఏడాదికి 24 కాగితాలు. నీ లోను నిలబడేది వాటి మీదే.

రేటు దగ్గర ఒక మాట. గేదె పాలకు చాలా చోట్ల వెన్నను బట్టి కదా డబ్బు. కిలో వెన్న 820 అనుకుంటే 6.5 ఫ్యాట్ వచ్చిన లీటరుకు సుమారు 55 పడుతుంది, అదే 5.8 వస్తే 49కి దిగుతుంది. ఈనిన కొత్తలో పాలు ఎక్కువ, ఫ్యాట్ తక్కువ, వట్టిపోయే ముందు పాలు తగ్గి ఫ్యాట్ పెరుగుతుంది. పైగా చివర్లో వచ్చే పాలల్లోనే వెన్న ఎక్కువ, వాటిని దూడకు వదిలేస్తే స్లిప్పు మీద ఆ తేడా కనిపిస్తుంది. కాబట్టి బాగా వచ్చిన నెల రేటు పట్టుకుని ఏడాదంతటికీ వేయకు. ఏడాది బిల్లుల మొత్తాన్ని ఏడాది లీటర్లతో భాగించు, వచ్చిందే నీ రేటు. నీ బిల్లులు అలా చూస్తే 55 దగ్గరే ఉంది, దాన్నే ఉంచుదాం.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు చెబుతా. పోయిన పక్షం నీ బిల్లు చూడు. 260 లీటర్లు, 14,300 రూపాయలు. అందులో రెండు దాణా బస్తాలకు 2,800 పట్టుకున్నారు, పాత అడ్వాన్సు కింద 2,000 పట్టుకున్నారు, మీ నాన్న ఖాతాలో పడింది 9,500. బ్యాంకు వాళ్లకు కనిపించేది ఆ 9,500 ఒక్కటే. వాళ్లు దాన్నే ఆదాయం అనుకుని, ఆ తర్వాత నువ్వు చెప్పిన దాణా ఖర్చు మళ్లీ అందులోంచి తీసేస్తారు. ఒకే బస్తా రెండుసార్లు కోతపడినట్టు. అందుకే పుస్తకంలో ప్రతి బిల్లుకూ నాలుగు గళ్లు ఉండాలి: మొత్తం పాల డబ్బు, దాణా కింద పట్టుకున్నది, అడ్వాన్సు కింద పట్టుకున్నది, చేతికి వచ్చింది. చివరి గడి పాస్‌బుక్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి. అడ్వాన్సు ఖర్చు కాదు, అది నువ్వు తీరుస్తున్న అప్పు, దాన్ని అప్పుల పేజీలో తగ్గించుకుంటూ రా. డెయిరీ దగ్గర ఇంకా ఎంత బాకీ ఉందో దాచకు, బిల్లులో కోత కనిపిస్తూనే ఉంది కదా.

ఇక ఏడాది లెక్క. ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదె ఉంది నిజమే, కానీ అది ఈనిన రెండు మూడు నెలల మాట. ఈత మొత్తం మీద సగటు ఆరు లీటర్లు వస్తే మంచి గేదె కిందే లెక్క. పాలిచ్చే రోజులు 280, వట్టిపోయి ఉండే రోజులు 150 అనుకో, అంటే ఈతకు ఈతకు మధ్య 430 రోజులు. ఆ మధ్యలో వచ్చే 1,680 లీటర్లను ఏడాదికి సర్దితే గేదెకు 1,426 లీటర్లు. ఐదింటికి 7,130. ఇంట్లోకి రోజుకు లీటరు తీసేస్తే అమ్మింది 6,765 లీటర్లు, డబ్బు సుమారు 3,72,000. నీ ఎనిమిది లక్షలు ఎక్కడికి పోయాయో అర్థమైందా? సగం ఎనిమిది లీటర్ల దగ్గర పోయింది, మిగతా సగం వట్టిపోయిన రోజుల దగ్గర. అసలు నీ పుస్తకం ఏడాది నిండితే ఈ ఊహలతో పనే లేదు. ఎద గుర్తించక గేదె ఇంకో మూడు నెలలు చూడి నిలవకపోయినా ఆ నష్టం లీటర్లలోనే తేలుతుంది. అందుకే చూడి సూది వేయించిన తేదీ, చూడి కట్టిందో లేదో చూపించిన తేదీ, ఈనిన తేదీ గేదె పేరు మీద రాసి పెట్టు.

ఖర్చులు తొందరగా చెప్పేస్తా, అవి నీకు తెలిసినవే. ఐదింటికీ కలిపి ఏడాదికి దాణా సుమారు 1,85,000, కొన్న గడ్డి 30,000, మందులు, సూదులు, మినరల్ మిక్చర్ 20,000, బీమా 10,000, కరెంటు, చిల్లర 12,000. మొత్తం 2,57,000. నీ పొలంలో వరిగడ్డికి చేతి నుంచి డబ్బు పోలేదు కాబట్టి దాన్ని ఇందులో కలపకు, కానీ పక్కన ఎన్ని మోపులు పెట్టావో రాసుకో, రేపు గేదెలు పెరిగితే అది కొనాల్సిందే. పేడ, దున్నపోతు దూడలు అమ్మిన 15,000 కలిపితే మిగులు 1,30,000. ఇందులో నీ కష్టానికీ, కోడలి కష్టానికీ కూలి కట్టలేదు, ఆ సంగతి గుర్తుంచుకో.

పశువుల విలువకు వేరే పేజీ పెట్టు. ఒక్కో గేదెకు ఒక్కో వరస: చెవి పోగు మీద ఉండే 12 అంకెల నంబరు, ఎన్నో ఈత, పూటకు ఎన్ని పాలు, చూడిదైతే ఎన్నో నెల, నువ్వు కట్టిన ధర, ఆ ధర ఎలా కట్టావు. సంతలో ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో చూసి, అందులోంచి ఆటో బాడుగ, మధ్యవర్తి డబ్బు తీసేసి మిగిలింది రాయి. రెండో ఈత ముర్రా గేదెకు 95,000 పెట్టావనుకో, రసీదు ఉంటే పక్కన పిన్ను చేయి. హర్యానాలోని రోహ్‌తక్ నుంచి తెప్పించిన వాటికి లారీ కిరాయి కూడా కొన్న ఖర్చులో చేరుతుంది, కానీ ఇక్కడ సంతలో ఆ కిరాయి నీకెవడూ తిరిగి ఇవ్వడు, కాబట్టి ఇవాళ్టి విలువలో అది వేయకు. ఐదో ఈత దాటి ఆరు లీటర్లకు దిగింది 45,000 అంటే ఒప్పుకుంటారు. చూడి నిలవని వట్టి గేదెను పాడి గేదె ధరకు రాశావంటే మాత్రం అక్కడే పట్టుబడతావు, తనిఖీకి వచ్చేవాళ్లు పొదుగు చూస్తారు, చూడి కాగితం అడుగుతారు. బీమా కాగితంలో పశువుల డాక్టరు వేసిన విలువ ఒకటి, నీ పేజీలో ఇంకొకటి ఉంటే ఎందుకని అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకో. పోగు ఊడిపోతే కొత్తది వేయించి బీమా వాళ్లకు రాసి ఇవ్వు, నంబరు కలవకపోతే క్లెయిము రాదు.

ఈ విలువ ఆదాయం కాదురా, ఇది బాగా పట్టుకో. పోయిన మార్చిలో మంద విలువ 3,40,000 ఉండి ఈ మార్చికి 3,65,000 అయితే, ఆ 25,000 నీ పడ్డ ఎదగడం వల్ల పెరిగింది, దానితో వాయిదా కట్టలేవు. అలాగే ముసలి గేదెను 40,000కు అమ్మి ఖాతాలో వేస్తే అది పాల డబ్బు కాదు, మంద పేజీలోంచి ఒక వరస కొట్టేసి అమ్మకం అని రాయి. కొత్త గేదె కొంటే దాణా ఖర్చుల పక్కన రాయకు, మంద పేజీలో చేర్చు. ఈ మూడూ కలిపేసిన పుస్తకం చూస్తే ఏ ఏడాది లాభమో ఏ ఏడాది నష్టమో రాసినవాడికే తెలియదు.

రెండు గేదెలు 2,00,000 అనుకుందాం, 15 శాతం నువ్వు పెట్టుకుంటే లోను 1,70,000. ఐదేళ్లలో తీర్చాలి, వడ్డీ 11 శాతం అనుకుంటే మొదటి ఏడాది అసలు 34,000, వడ్డీ 18,700, మొత్తం 52,700. కొత్త రెండూ ఏడాదికి మిగిల్చేది 54,000. చూశావా, వాటి పాలతో వాటి వాయిదా అంచు మీద నడుస్తుంది, అందుకే పాత మిగులు చూపించాలి. పాతా కొత్తా కలిపి 1,84,000, అందులో ఇంటి ఖర్చుకు నెలకు 8,000 తీస్తే 88,000 మిగులుతుంది. అది వాయిదాకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉంది, బ్యాంకు చూసుకునేది ఈ పాటి వెసులుబాటే. రెండు గేదెల్నీ ఒకేసారి కొనకు, ఐదారు నెలల తేడాతో తీసుకుంటానని దరఖాస్తులోనే రాయి, లేకపోతే రెండూ కలిసి వట్టిపోయినప్పుడు వాయిదా ఆగుతుంది. దాణా ఖర్చుకు మాత్రం ఈ లోనులో డబ్బు అడగకు. పాడికి కిసాన్ క్రెడిట్ కార్డు వేరే ఉంది, రెండు లక్షల వరకు వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 4కి దిగుతుంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ, పాడి లోన్లకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, అది గుర్తుపెట్టుకుని మాట్లాడు.

ఇంకొకటి, పాల ఆదాయం ఇన్‌కం ట్యాక్స్ దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపారం కింద వస్తుంది. రిటర్ను వేసి ఉంటే అందులో అంకె, నీ పుస్తకంలో అంకె కలవాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. పాల బిల్లు ఇప్పటికీ మీ నాన్న పేరు మీదే ఆయన ఖాతాలో పడుతోంది, లోను అడిగేది నువ్వు. ఇలాగే ఉంటే నీ పుస్తకం ఎంత బాగున్నా అందులో ఆదాయం నీది కాదంటారు. రేపే కేంద్రానికి వెళ్లి పాలు పోసే కోడు నంబరు నీ పేరుకు మార్పించుకో, లేదా నాన్నను కూడా దరఖాస్తులో చేర్చు. పేరు మార్చిన తర్వాత కనీసం ఆరు నెలల బిల్లులు నీ ఖాతాలో పడనివ్వు, అప్పుడు పోదాం. ఈలోగా నెలకోసారి పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న